రెండో మిడ్‌కి ముందు నలుగురినీ కూర్చోబెట్టే మెసేజ్: క్లాస్‌మేట్స్‌ని స్టడీ గ్రూప్‌కి పిలవడం ఎలా

ఈసీఈ రెండో సంవత్సరంలో, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ మొదటి మిడ్‌కి ముందు నేను క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాను. "హాయ్ ఫ్రెండ్స్, సిగ్నల్స్‌కి స్టడీ గ్రూప్ పెడదామనుకుంటున్నా, ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు చెప్పండి" అని. గ్రూప్‌లో 64 మంది ఉన్నారు. తొమ్మిది మంది థంబ్స్ అప్ పెట్టారు. చివరికి నాతో కూర్చున్నది నా రూమ్‌మేట్ ఒక్కడే.

వాళ్లకి చదువు మీద శ్రద్ధ లేదని అప్పుడు బాధపడ్డాను. తర్వాత ఒక క్లాస్‌మేట్‌ని నేరుగా అడిగితే, "ఎప్పుడో తెలీదు, ఎక్కడో తెలీదు, నువ్వు చెప్తావా మేం చెప్పాలా అదీ తెలీదు. అడిగితే మొత్తం బాధ్యత నా మీద పడుతుందేమో అనిపించింది" అంది. ఆమె మాట నిజమే. నా మెసేజ్ పిలుపులా లేదు, ఎవరైనా వచ్చి ప్లాన్ చెయ్యండి అన్నట్టు ఉంది. రెండో మిడ్‌కి ఇంకోలా రాశాను, ఆరుగురం కూర్చున్నాం. ఆ రెండో మెసేజ్‌ని ఎలా తయారు చేశానో వరసగా చెప్తాను. సబ్జెక్టు మీది వేరే కావచ్చు, దారి మాత్రం ఇదే.

మొదటి పని: ఫోన్ పక్కన పెట్టి ఒక గంట ఒంటరిగా కూర్చోండి

మెసేజ్ బాగుండాలంటే పని చిన్నదిగా ఉండాలి. "సిగ్నల్స్ చదువుదాం" అంటే ఎవరికీ కళ్ల ముందు ఏమీ కనపడదు. రెండో మిడ్ సిలబస్‌లో మాకు కాన్వల్యూషన్, లాప్లాస్, జెడ్ ట్రాన్స్‌ఫార్మ్, శాంప్లింగ్ ఉన్నాయి. అన్నీ కలిపి ఒక మధ్యాహ్నంలో అయ్యేవి కావు. అందుకే పాత పేపర్లు ముందు వేసుకుని, నాకు ఏ సమ్ దగ్గర చెయ్యి ఆగిపోతోందో చూసుకున్నాను. లాప్లాస్ సమ్స్ ఫార్ములాలు గుర్తుంటే నడిచిపోతున్నాయి. ఆగిపోయేది కాన్వల్యూషన్ గ్రాఫ్ పద్ధతిలో, అందులోనూ లిమిట్స్ దగ్గర.

ఆ ఇబ్బంది ఏమిటో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మెసేజ్‌లోని ముఖ్యమైన వాక్యం దీని నుంచే పుట్టింది. `x(t)` ఎత్తు 1, సున్నా నుంచి 2 వరకు ఉండే పల్స్. `h(t)` కూడా ఎత్తు 1, సున్నా నుంచి 3 వరకు. `h`ని తిప్పి, `x` మీదుగా జరుపుకుంటూ వెళ్లి, రెండూ ఒకదాని మీద ఒకటి పడే భాగాన్ని ఇంటిగ్రేట్ చెయ్యాలి. సరైన జవాబు ఇలా వస్తుంది:

```
0 ≤ t < 2 : limits 0 to t     y = t
2 ≤ t < 3 : limits 0 to 2     y = 2
3 ≤ t < 5 : limits t-3 to 2   y = 5 - t
```

మొదటి రెండు దశలు చాలామందికి వచ్చేస్తాయి. మూడో దశలో `h` వెనక అంచు `x` లోపలికి వచ్చేస్తుంది కాబట్టి కింది లిమిట్ `t-3` అవ్వాలి, పై లిమిట్ 2 దగ్గరే ఆగాలి. నేను మాత్రం `t-3` నుంచి `t` వరకు రాసేవాడిని. అప్పుడు జవాబు 3 వస్తుంది. `t = 3` దగ్గర గ్రాఫ్ 2 నుంచి 3కి ఒక్కసారి ఎగిరిపోతుంది. ఇలాంటి పల్స్‌లకి అలా ఎగరకూడదు. ఎగిరిందంటే లిమిట్స్ తప్పాయనే. ఇంకో పరీక్ష కూడా ఉంది. జవాబు గ్రాఫ్ కింద వైశాల్యం, రెండు పల్స్‌ల వైశాల్యాల లబ్ధానికి సమానంగా ఉండాలి. ఇక్కడ 2 ఇంటూ 3, అంటే 6. పై ట్రెపీజియం వైశాల్యం కూడా 2+2+2, ఆరే.

ఇంత చూసుకున్నాక నా దగ్గర చెప్పడానికి ఒక స్పష్టమైన మాట ఉంది: "మూడో దశ లిమిట్స్ దగ్గర తప్పు వస్తోంది." ఈ ఒక్క మాట చదవగానే, అదే చోట ఇరుక్కున్నవాడు తల ఎత్తి చూస్తాడు. "కాన్వల్యూషన్ కష్టంగా ఉంది" అంటే ఎవరూ చూడరు, ఎందుకంటే అది అందరికీ తెలిసిన సంగతే. ఈ పని కలిసి చెయ్యాల్సిన అవసరం ఎందుకో కూడా ఇప్పుడు తేలింది. తిప్పిన `h`ని ఒక కాగితం ముక్క మీద గీసి, `x` బొమ్మ మీద జరుపుతూ ఉంటే పక్కవాడు "ఇప్పుడు వెనక అంచు లోపలికొచ్చింది" అని చూపిస్తాడు. ఒంటరిగా చేస్తే అది కళ్ల ముందే దాటిపోతుంది.

చోటు, సమయం: టైమ్‌టేబుల్‌తో పాటు బస్సు టైమూ చూడండి

నా మొదటి ఆలోచన లైబ్రరీ. అక్కడ మాట్లాడకూడదు, బోర్డు కూడా లేదు, కాబట్టి సమ్స్ చెయ్యడానికి అది పనికిరాదు. రెండో ఆలోచన హాస్టల్ రూమ్. అక్కడ పెడితే డే స్కాలర్స్ రాలేరు, అబ్బాయిల హాస్టల్‌లో పెడితే అమ్మాయిలు ఎవరూ రాలేరు. క్లాసులో సగానికి పైగా మనుషుల్ని మీరు తెలియకుండానే తీసేసినట్టవుతుంది. మిగిలింది మా క్లాస్‌రూమే. మంగళవారం చివరి రెండు పీరియడ్లు మాకు లైబ్రరీ, స్పోర్ట్స్. 2:30 నుంచి రూమ్ ఖాళీగా ఉంటుంది.

బస్సులు 4:20కి బయల్దేరతాయి. అంటే 4 గంటలకి ఆపాల్సిందే. గంటన్నర సమయంలో ఎన్ని సమ్స్ అవుతాయో కూడా లెక్క వేసుకున్నాను. మొదటిది బోర్డు మీద నిదానంగా చేస్తే అరగంట, మిగతా నాలుగు ఒక్కోటి పదిహేను నిమిషాలు. మొత్తం ఐదు సమ్స్. పది అని రాస్తే వినడానికి బాగుంటుంది, కానీ మూడో సమ్ దగ్గరే అందరూ వాచీలు చూసుకుంటారు, రెండోసారి రారు.

రూమ్ సంగతి మెసేజ్ పెట్టకముందే తేల్చుకోండి. మా దగ్గర క్లాసులు అయిపోగానే అటెండర్ తాళం వేసేస్తాడు. నేను క్లాస్ ఇన్‌చార్జ్ సార్‌ని అడిగాను. "4 వరకు వాడుకోండి, ఫ్యాన్లు ఆపేసి వెళ్లండి" అన్నారు. రూమ్ దొరుకుతుందో లేదో తెలియకుండా అందర్నీ పిలిచి, తాళం వేసిన తలుపు ముందు నిలబెడితే, మీరు ఇంకోసారి పిలిచినా ఎవరూ నమ్మరు.

గ్రూప్‌లో పెట్టే ముందు ఇద్దరిని విడిగా అడగండి

చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. 64 మంది ఉన్న గ్రూప్‌లో మొదట "నేను వస్తా" అనడానికి ఎవరైనా సంకోచిస్తారు. "తనకి అస్సలు రాదేమో" అనుకుంటారనే భయం ఒకటి. అమ్మాయిలకైతే "అక్కడ నేనొక్కదాన్నే ఉంటానేమో" అనే ఆలోచన ఇంకొకటి. ఇద్దరు ముందే ఒప్పుకుని ఉంటే ఈ రెండు భయాలూ పోతాయి.

మొదటి మిడ్ అప్పుడు నాకు నిజం చెప్పిన ఆ క్లాస్‌మేట్‌కే ముందుగా రాశాను. విడిగా రాసేటప్పుడు మాట తీరు మారుతుంది. అందరికీ పెట్టే ప్రకటనని కాపీ చేసి పంపకండి, ఆ మనిషినే ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. నేను రాసింది ఇది:

"హాయ్, మొన్న ట్యుటోరియల్ క్లాసులో నువ్వు గ్రాఫ్ షిఫ్ట్ చేసింది చూశాను, అది నాకు అర్థమైంది. లిమిట్స్ దగ్గర మాత్రం ఇంకా తప్పులు వస్తున్నాయి. మంగళవారం 2:30కి క్లాస్‌రూమ్‌లో కూర్చుని 5 సమ్స్ చేద్దామనుకుంటున్నా. నువ్వు, ఇంకెవరైనా మీ ఫ్రెండ్ రాగలరా? కుదరకపోతే పర్వాలేదు, చెప్పు చాలు."

"ఇంకెవరైనా మీ ఫ్రెండ్" అనే మాట కావాలనే పెట్టాను. ఆమె తన బెంచి ఫ్రెండ్‌తో కలిసి వస్తానంది. ఇద్దరు వస్తున్నారని గ్రూప్‌లో చెప్పొచ్చా అని కూడా అడిగాను. అడగకుండా పేర్లు పెడితే, మర్యాద కోసం ఒప్పుకున్నవాళ్లు ఇబ్బంది పడతారు. వాళ్లు సరే అన్నారు, కానీ పేర్లు వద్దన్నారు. అందుకే మెసేజ్‌లో సంఖ్య మాత్రమే రాశాను.

బాగా దగ్గరి ఫ్రెండ్‌కైతే "రేయ్, మంగళవారం ఉండరా, సమ్స్ చేద్దాం" అంటే సరిపోతుంది. గ్రూప్‌లో మాత్రం "రేయ్" వద్దు. "రండి", "చెప్పండి" అనే బహువచనం అందరికీ సరిపోతుంది, అమ్మాయిలకీ అబ్బాయిలకీ ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. అలాగని "గౌరవనీయ మిత్రులారా" అని మొదలుపెట్టినా సర్క్యులర్ చదివినట్టు ఉంటుంది.

ఇక మెసేజ్

మిడ్ 18 సోమవారం. మేం కూర్చోవాలనుకున్నది 12 మంగళవారం. 10 ఆదివారం రాత్రి 9 దాటాక, భోజనాలయ్యాక ఇది పెట్టాను:

"అందరికీ హాయ్. సిగ్నల్స్ రెండో మిడ్ 18 సోమవారం కదా. కాన్వల్యూషన్ గ్రాఫ్ పద్ధతిలో నాకు మూడో దశ లిమిట్స్ దగ్గర ప్రతిసారీ తప్పు వస్తోంది. అదే ఇబ్బంది ఉన్నవాళ్లం కలిసి 12 మంగళవారం మధ్యాహ్నం 2:30 నుంచి 4 వరకు మన క్లాస్‌రూమ్‌లోనే కూర్చుని, పాత పేపర్లలోని 5 సమ్స్ చేద్దాం. 4:20 బస్సు అందేలా 4కి కచ్చితంగా ఆపేద్దాం. క్లాస్ ఇన్‌చార్జ్ సార్ రూమ్ వాడుకోమన్నారు.

ఇప్పటికి ముగ్గురం ఉన్నాం, ఇద్దరు అమ్మాయిలు, నేను. ఇంకో ముగ్గురు రావొచ్చు. లేటరల్ ఎంట్రీ వాళ్లు కూడా రండి. సమ్స్ అసలు రాకపోయినా పర్వాలేదు, మొదటిది బోర్డు మీద అందరం కలిసి మొదటి నుంచి చేద్దాం. ప్రశ్నల ప్రింట్లు నేను తెస్తాను. మీరు నోట్‌బుక్, పెన్సిల్, స్కేలు తెచ్చుకోండి.

వచ్చేవాళ్లు రేపు రాత్రి 8 లోపు ఈ మెసేజ్ కాపీ చేసి కింద మీ రోల్ నంబర్ చేర్చి పంపండి."

ఇందులో కొన్ని వాక్యాలు ఎందుకు అలా ఉన్నాయో చెప్పాలి.

"నాకు తప్పు వస్తోంది" అని ముందు నా తప్పునే చెప్పుకున్నాను. "మీకు కష్టంగా ఉంటే నేను చెప్తాను" అని మొదలుపెడితే, ఆ క్షణం నుంచి మీరు ట్యూషన్ మాస్టారు, వాళ్లు స్టూడెంట్స్. నిజంగా అన్నీ వచ్చినవాడు అలా రాసినా, వచ్చేవాళ్లు వినడానికే వస్తారు, చెయ్యి కదపరు. నాకు రానిది చెప్పుకున్నాను కాబట్టి మిగతావాళ్లు కూడా "నాకూ అక్కడే" అని ధైర్యంగా అన్నారు.

"ఇంకో ముగ్గురు" అనే లెక్క తొందర పెట్టడానికి రాసింది కాదు. ఒక బోర్డు ముందు ఆరుగురి వరకు అందరికీ సుద్దముక్క పట్టుకునే వంతు వస్తుంది. పది మంది అయితే ఇద్దరు చేస్తారు, ఎనిమిది మంది ఫొటో తీసుకుంటారు.

లేటరల్ ఎంట్రీ వాళ్ల మాట విడిగా ఎందుకంటే, వాళ్లు డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలోకి వస్తారు. అప్పటికే క్లాసులో బెంచీలూ ఫ్రెండ్స్ గ్యాంగులూ కుదిరిపోయి ఉంటాయి. "అందరూ రండి" అన్నప్పుడు ఆ "అందరూ"లో తాము ఉన్నామో లేదో వాళ్లకి తెలియదు. ఆ ఒక్క వాక్యం చూసి ఒకతను వచ్చాడు. మా అందరికంటే సర్క్యూట్స్ బాగా తెలిసినవాడు అతనే.

రూమ్ అనుమతి, బస్సు, ప్రింట్లు, ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ, చదివేవాళ్ల మనసులో వచ్చే ప్రశ్నలు సరిగ్గా ఇవే. "మా ఊరి బస్సు పోతుందేమో" అనే ఒక్క అనుమానం చాలు, రావాలనుకున్నవాళ్లు ఆగిపోవడానికి.

భాష గురించి ఒక మాట. మా గ్రూప్‌లో అందరూ తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, నేనూ అలాగే పంపాను. మీ క్లాస్ ఎలా రాస్తుందో అలాగే రాయండి. అయితే తేదీ, వారం, సమయం మూడూ కలిపి రాయండి. "రేపు" అని మాత్రమే రాస్తే, మరుసటి రోజు పొద్దున చదివినవాళ్లు తప్పు రోజు వచ్చేస్తారు. మెసేజ్‌లో "రేపు రాత్రి 8" అని నేనే ఆ పొరపాటు చేశాను. సోమవారం పొద్దున చదివిన ఒకరు మంగళవారం రాత్రి వరకు టైమ్ ఉందనుకున్నారు. "11 సోమవారం రాత్రి 8" అని రాసి ఉండాల్సింది.

పంపే సమయం కూడా చూసుకోవాలి. మధ్యాహ్నం పూట గ్రూప్‌లో అటెండెన్స్, రికార్డ్ సబ్మిషన్ గోల నడుస్తుంటుంది, మీ మెసేజ్ పైకి కొట్టుకుపోతుంది. నెల ముందు పెడితే ఎవరికీ అవసరం తెలియదు. మిడ్‌కి ముందు రోజైతే ఎవరి టెన్షన్‌లో వాళ్లుంటారు. వారం రోజుల దూరంలో ఉన్నప్పుడు, రెండు రోజుల గడువుతో పెడితే సరిపోయింది.

జవాబులు చదవడం

థంబ్స్ అప్‌ని "వస్తాను" కింద లెక్క పెట్టకండి. "చూశాను, మంచి పనే" అని దాని అర్థం. పోల్ పెట్టినా అంతే, ఒక వేలు తగిలిస్తే ఓటు పడిపోతుంది. అందుకే నేను లిస్టు అడిగాను. మెసేజ్ కాపీ చేసి, తన నంబర్ టైప్ చేసి, మళ్లీ పంపడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం పెట్టినవాళ్లు దాదాపు అందరూ వచ్చారు.

"ట్రై చేస్తా", "చూస్తా" అన్నవాళ్లని గ్రూప్‌లో మళ్లీ మళ్లీ అడగకండి. విడిగా ఒక్కసారి "మంగళవారం టైమ్ కుదరదా, గురువారం అయితే వీలవుతుందా?" అని అడగండి. నిజంగా ఆటంకం ఉన్నవాళ్లు అప్పుడు చెప్తారు. నాకు ఒకరు అలాగే ల్యాబ్ రికార్డు సంగతి చెప్పారు.

"నోట్స్ ఉంటే పంపు" అని ముగ్గురు అడిగారు. కోపం తెచ్చుకోవాల్సింది కాదు. "ప్రశ్నలు ఇప్పుడే పెడతాను, సాల్వ్ చేసినవి మంగళవారం బోర్డు మీద తయారవుతాయి, అయ్యాక ఫొటో పెడతాను" అన్నాను. అది నిజం కూడా, అప్పటికి నా దగ్గర సరైన జవాబులు లేవు. ఆ ముగ్గురిలో ఒకరు వచ్చి కూర్చున్నారు.

ఆరుగురి కంటే ఎక్కువ మంది పేర్లిస్తే కాదనకండి. రెండో బ్యాచ్‌కి గురువారం అని చెప్పి, ఆ బ్యాచ్ బాధ్యత మొదటి రోజు వచ్చినవాళ్లలో ఒకరికి అప్పగించండి. అసలు ఎవరూ పేరివ్వకపోతే మెసేజ్‌ని అలాగే మళ్లీ పంపకండి. ఏది అడ్డమైందో ఇద్దరు ముగ్గురిని విడిగా అడిగి, ఆ ఒక్కటి మార్చండి. ఎక్కువసార్లు అడ్డమయ్యేది సమయమే.

ఆ రోజు, ఆ తర్వాత

మంగళవారం పొద్దున బస్సులు ఎక్కే వేళకి లిస్టులో ఉన్నవాళ్లకి మాత్రమే విడిగా రెండు ముక్కలు పంపాను: "ఈరోజు 2:30, మన రూమ్. స్కేలు మర్చిపోకండి." గ్రూప్ మొత్తానికి గుర్తు చేస్తే రానివాళ్లకి విసుగు.

వచ్చింది ఆరుగురం. మొదటి సమ్, పైన చెప్పిన రెండు పల్స్‌లదే, బోర్డు మీద చేశాం. ఒకరు అట్టముక్క మీద `h` గీసి జరిపారు, ఇంకొకరు లిమిట్స్ చెప్పారు. నా తప్పు నేనే బోర్డు మీద చేసి చూపించాను, గ్రాఫ్ ఎక్కడ ఎగిరిందో అందరూ చూశారు. ఆ ఒక్కదానికే నలభై నిమిషాలు పట్టింది. ఐదు అనుకున్నవాటిలో నాలుగే అయ్యాయి. 4 కొట్టగానే ఆపేశాం, ఐదోది సగంలో ఉన్నా సరే.

రాత్రి బోర్డు ఫొటోలు గ్రూప్‌లో పెట్టి, ఇలా రాశాను:

"ఈరోజు 6 మందిమి 4 సమ్స్ చేశాం. జవాబులు ఫొటోల్లో ఉన్నాయి. మొదటి సమ్ మూడో దశలో కింది లిమిట్ `t-3`, పై లిమిట్ 2 అని గుర్తుంచుకోండి, `t` కాదు. మిగిలిన ఐదో సమ్, లాప్లాస్ ఆర్‌ఓసీ సమ్స్ మూడు 14 గురువారం లంచ్ బ్రేక్‌లో, 12:40 నుంచి 1:20, అదే రూమ్‌లో. బాక్సులు అక్కడికే తెచ్చుకోండి. వచ్చేవాళ్లు 13 బుధవారం రాత్రి 8 లోపు రోల్ నంబర్ పెట్టండి."

ఈసారి నేను ఎవరినీ విడిగా అడగలేదు. బుధవారం రాత్రికి లిస్టులో ఎనిమిది నంబర్లు ఉన్నాయి, మొదటి నంబర్ ఆ లేటరల్ ఎంట్రీ అబ్బాయిది.